తూము తెరిచే మందు, తూము విరగ్గొట్టే మందు

మన తాతల తరంలో నిద్రమాత్ర పేరు వింటేనే ఇంట్లో అందరికీ గుండె దడ. సీసాను బీరువాలో పెట్టి తాళం వేసేవారు. రాత్రి ఒక మాత్ర ఎక్కువ పడిందేమోనని తెల్లవార్లూ కాపలా కాసేవారు. ఇప్పుడు డాక్టరుగారు ఆల్ప్రాజోలమో క్లోనజెపామో రాస్తే అంత భయపడేవాళ్లు తక్కువ. ఆ పాత భయం అమాయకత్వం వల్ల వచ్చింది కాదు. నాటి మాత్ర వేరు, నేటి మాత్ర వేరు. ఆ తేడా ఎక్కడుందో చెప్పే కొన్ని విశేషాలు ఇవి.

నిద్ర రప్పించని మూలపదార్థం

నాటి మాత్రలను బార్బిచ్యురేట్లు అంటారు. వాటన్నిటికీ మూలమైన బార్బిచ్యూరిక్ ఆమ్లాన్ని జర్మన్ రసాయనవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ 1864లో తయారుచేశాడు. విచిత్రమేమిటంటే ఆ ఆమ్లానికి నిద్ర పుచ్చే గుణమే లేదు. దాని అణువుకు చిన్న కొమ్మలు అతికించాకే మెదడులోకి దిగి పనిచేసే మందులు వచ్చాయి. 1903లో ఎమిల్ ఫిషర్, యోసెఫ్ ఫాన్ మేరింగ్ కలిసి మొదటిదాన్ని లోకానికి అందించారు. వెరోనాల్ పేరుతో అది బజారులోకి వచ్చింది. 1912లో ఫినోబార్బిటోన్ వచ్చింది. మూర్ఛ రోగులున్న మన ఇళ్లలో గార్డినాల్ అని పిలిచే మాత్ర ఇదే. ఆ తర్వాత సగం శతాబ్దం పాటు నిద్ర పట్టకపోయినా, దిగులుగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఆపరేషన్‌కు మత్తు కావాలన్నా వైద్యులు ఎక్కువగా ఈ కుటుంబం వైపే చూశారు. నిద్రకూ దిగులుకూ అంతకంటే మెరుగైనది వాళ్ల చేతిలో లేదు.

చెరువు తూము దగ్గర నీరటి

అసలు తేడా అంతా మెదడులోని ఒక సూక్ష్మమైన తూము దగ్గర ఉంది. ఊరి చెరువును ఊహించుకోండి. తూము తెరిస్తే కాలువలోకి నీళ్లు వస్తాయి. తెరిచే అధికారం నీరటి ఒక్కడిదే. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో అతనికే తెలుసు.

మెదడులో నరకణాల మీద ఇలాంటి తూములు లెక్కలేనన్ని ఉంటాయి. వాటి గుండా క్లోరైడ్ అనే ఉప్పు కణాలు లోపలికి పోతాయి. అవి లోపలికి చేరినకొద్దీ ఆ నరకణం సద్దుమణుగుతుంది. ఇక్కడ నీరటి పేరు గాబా. మెదడు తానే తయారుచేసుకునే పదార్థం అది. గాబా వచ్చి తూమును తాకితే తలుపు క్షణకాలం తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది. మనకు ఆవేశం చల్లారినా, రాత్రికి కునుకు పట్టినా అందులో ఈ నీరటి చెయ్యి ఉంటుంది.

పాత మందులూ కొత్త మందులూ పనిచేసేది ఈ తూము మీదే. పట్టుకునే చోటు మాత్రం వేరు.

ఆల్ప్రాజోలం, క్లోనజెపామ్ లాంటి కొత్త మందులైన బెంజోడయజపైన్లు తూము పక్కన తమకంటూ ఉన్న ఒక గూటిలో కూర్చుంటాయి. అవి అక్కడ ఉంటే గాబా పిలుపుకు తూము మరింత తరచుగా తెరుచుకుంటుంది. తెరుచుకున్న ప్రతిసారీ ఎంతసేపు ఉండాలో మాత్రం మారదు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. నీరటి రాకపోతే ఈ మందుకు తూము తెరిచే శక్తి లేదు. మందు ఎంత పెరిగినా, అక్కడ ఉన్న గాబా చేయగలిగినంతే జరుగుతుంది. శరీరమే ఆ మందుకు గట్టు కట్టి పెట్టిందన్నమాట.

బార్బిచ్యురేట్ల తీరు అది కాదు. మామూలు మోతాదులో అవి గాబా తెరిచిన తలుపును త్వరగా మూసుకోనివ్వవు. ఒక్కసారి తెరుచుకుంటే మామూలుకన్నా చాలాసేపు పారుతూనే ఉంటుంది. మోతాదు పెరిగితే ఇంకో సంగతి జరుగుతుంది. గాబా లేకపోయినా సరే, ఆ మందే స్వయంగా తలుపు తెరిచేస్తుంది. ఇక నీరటితో పనిలేదు, గట్టూ లేదు. పైగా నరకణాలను ఉత్తేజపరిచే గ్లూటమేట్ దారులను కూడా ఈ మందులు కొంతవరకు మూసేస్తాయి. ఒకవైపు బ్రేకు నొక్కిపట్టి, మరోవైపు ఇంజనుకు పెట్రోలు ఆపినట్టు ఉంటుంది.

పాత మాత్రలు అంతమందిని ఎందుకు పొట్టనపెట్టుకున్నాయో అడిగితే నేను మొదట చెప్పేది ఈ తూము కథే. మిగతావన్నీ దీని కొమ్మలు.

ఎక్కే మెట్లు, ఆగే మెట్లు

మత్తు మందుల ప్రభావాన్ని వైద్యులు మెట్లుగా చూస్తారు. మొదట దిగులు తగ్గుతుంది, తర్వాత మగత, ఆపైన నిద్ర. ఇంకా పైకి వెళ్తే కత్తి పెట్టినా తెలియని శస్త్రచికిత్స మత్తు. దాని పైన స్పృహలేని స్థితి. చివరి మెట్టు మీద, మెదడు కాండంలో ఊపిరిని నడిపించే కేంద్రం కూడా నిద్రపోతుంది.

బార్బిచ్యురేట్ల మోతాదు పెంచుకుంటూ పోతే మనిషి ఈ మెట్లన్నీ ఎక్కుతూ పైదాకా వెళ్లిపోతాడు. మధ్యలో ఆపే మజిలీ లేదు. ఆ గుణాన్నే మత్తు వైద్యులు మంచికి వాడుకున్నారు. 1934లో వాడుకలోకి వచ్చిన థయోపెంటోన్ సూది మనిషిని నిమిషం లోపే గాఢమైన మత్తులోకి దించేది. పక్కనే శ్వాస చూసుకునే డాక్టరు ఉన్నప్పుడు అది గొప్ప మందు. గదిలో ఒంటరిగా పడుకున్నవాడికి అదే గుణం ప్రాణాంతకం.

బెంజోడయజపైన్లు నిద్ర మెట్టు దాకా బాగానే ఎక్కిస్తాయి. ఆ తర్వాత ఎక్కడం మందగిస్తుంది. వేరే ఏ మందూ కలవకుండా నోటి ద్వారా తీసుకున్నప్పుడు, ఆరోగ్యంగా ఉన్న మనిషిలో చాలావరకు గాఢమైన నిద్ర, తూలిపోవడం, మాట తడబడటం దగ్గరే ఆగుతాయి. "చాలావరకు" అన్న మాటను దయచేసి మరచిపోకండి. దాని సంగతి తర్వాత వస్తుంది.

ఊపిరికి గంట కొట్టేదెవరు?

మనం ఊపిరి తీసుకునేది ఆక్సిజన్ కోసమే అనుకుంటాం. ఎప్పుడు తీసుకోవాలో గుర్తుచేసేది మాత్రం ముఖ్యంగా రక్తంలో పేరుకునే బొగ్గుపులుసు గాలి, అంటే కార్బన్ డయాక్సైడ్. అది కొంచెం పెరిగితే చాలు, మెదడు కాండం గంట కొట్టినట్టు మేలుకుని ఛాతీని కదిలిస్తుంది. నిద్రలో కూడా ఆ గంట ఆగదు.

బార్బిచ్యురేట్ ఎక్కువైతే ఆ గంట వినబడటం మానేస్తుంది. బొగ్గుపులుసు గాలి ఎంత పేరుకున్నా మెదడు కాండం పలకదు. ఊపిరి నెమ్మదిస్తుంది, తేలికవుతుంది. దానితోపాటు రక్తపోటు పడిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది. బయటినుంచి చూసేవాళ్లకు మాత్రం గురక పెట్టి హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఎన్నో ఇళ్లలో "పడుకోనీ, పాపం" అని తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది ఈ గురక విన్నాకే.

అలవాటు నేర్పిన అబద్ధం

హాలీవుడ్ గాయని, నటి జూడీ గార్లండ్ 1969 జూన్ 22న లండన్‌లో చనిపోయింది. వయసు 47. ఆమెకు బాల్యం నుంచీ స్టూడియోల్లో మేలుకోవడానికి ఒక మాత్ర, నిద్రపోవడానికి ఇంకో మాత్ర అలవాటయ్యాయి. విచారణ జరిపిన కరోనర్ అది ప్రమాదవశాత్తు జరిగిన మరణమని తేల్చాడు. కారణం సెకొనాల్ అనే బార్బిచ్యురేట్ మోతాదు మించడం. మాత్రలన్నీ ఒక్కసారిగా మింగినట్టు ఆనవాళ్లు లేవని, కొంత వ్యవధిలో ఒకదాని తర్వాత ఒకటి వేసుకున్నట్టు కనిపిస్తోందని ఆయన చెప్పాడు. ఆమె చావాలనుకోలేదు. నిద్రపోవాలనుకుంది.

ఏళ్ల తరబడి వాడి మందుకు ఒళ్లు అలవాటుపడిన మనిషికి అలా ఎందుకు జరిగింది? ఇక్కడే బార్బిచ్యురేట్ల రెండో మోసం ఉంది. రోజూ వాడితే కాలేయం ఆ మందును వేగంగా అరగదీసే ఎంజైములను ఎక్కువగా తయారుచేస్తుంది. మెదడు కూడా దానికి అలవాటుపడుతుంది. దాంతో నిన్న ఒక మాత్రతో పట్టిన నిద్ర ఇవాళ రెండు మాత్రలతో గానీ పట్టదు. కానీ ఊపిరి కేంద్రం అంత త్వరగా అలవాటుపడదు. నిద్రకు కావలసిన మోతాదు పైకి జరుగుతూ పోతుంది, ఊపిరి ఆగే మోతాదు ఇంచుమించు ఉన్నచోటే ఉంటుంది. రెంటి మధ్య ఖాళీ ఏటికేడు ఇరుకైపోతుంది. "నాకు ఇవి అలవాటే, ఏమీ కాదు" అనుకునేవాడే అంచుకు అందరికన్నా దగ్గరగా నిలబడి ఉంటాడు. ఆ మాట అబద్ధమని అతని ఒళ్లు అతనికి చెప్పదు.

మగతలో తొలి మాత్ర వేసుకున్న సంగతి మరిచిపోయి మళ్లీ వేసుకునేవారన్న వాదన కూడా ఆ రోజుల్లో గట్టిగా ఉండేది. అది ఎంతమందిలో నిజమన్న దానిపై తర్వాత వైద్యులే సందేహపడ్డారు. ఇరుకైన ఖాళీ సంగతిలో మాత్రం సందేహం లేదు.

కాకమారి గింజ కథ

ఈ విశేషాలన్నిటిలో నన్ను ఎక్కువగా ఆపి ఆలోచింపజేసింది ఇది. దక్షిణ భారతదేశపు అడవుల్లో కాకమారి అనే తీగ పెరుగుతుంది. దాని గింజలను నూరి నీళ్లలో కలిపితే చేపలు మత్తెక్కి పైకి తేలతాయి. చేపలు పట్టడానికి దాన్ని పూర్వం వాడేవారు. ఆ గింజల్లోని విషం పేరు పిక్రోటాక్సిన్. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఐరోపా, అమెరికా ఆసుపత్రుల్లో బార్బిచ్యురేట్ విషానికి విరుగుడని నమ్మి ఎక్కించినది ఇదే.

ఆ నమ్మకం గాలివాటం కాదు. పిక్రోటాక్సిన్ కూడా మనం చెప్పుకున్న క్లోరైడ్ తూములోనే అడ్డం పడుతుంది. తూము మూస్తే మెదడు లేస్తుందని అనిపిస్తుంది. కానీ లేచిన మెదడు ఫిట్స్‌తో కొట్టుకునేది. గుండె లయ తప్పేది. మందు దిగిపోగానే రోగి మళ్లీ మత్తులోకి జారిపోయేవాడు. నిద్రపోతున్న మనిషిని కొరడాతో కొట్టి లేపినట్టుండేది ఆ చికిత్స. అప్పట్లో బార్బిచ్యురేట్ విషంతో మత్తులో పడి ఆసుపత్రికి వచ్చినవారిలో నూటికి 20 మంది దాకా చనిపోయేవారు.

1940ల చివర్లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో కార్ల్ క్లెమ్మెసెన్, ఎరిక్ నిల్సన్ అనే వైద్యులు ఆ దారి వదిలేశారు. బిస్పెబ్యెర్ ఆసుపత్రిలో విషం తిన్నవారి కోసమే ఒక ప్రత్యేక విభాగం నడిచింది. అక్కడ రోగిని లేపే ప్రయత్నమే చేయలేదు. గొంతులో గొట్టం వేసి గాలిదారి తెరిచి ఉంచారు. పేరుకున్న కఫాన్ని పీల్చి తీశారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరకుండా కొన్ని గంటలకోసారి పక్కలు మార్చారు. రక్తపోటు పడిపోతే ద్రవాలు ఎక్కించారు. నిమోనియా రాకుండా పెన్సిలిన్ ఇచ్చారు. అవసరమైతే ఊపిరిని చేత్తోనో యంత్రంతోనో నడిపించారు. ఆపైన ఎదురుచూశారు. మందును కాలేయం, మూత్రపిండాలు తమంతట తామే బయటికి పంపేదాకా మనిషిని కాచుకున్నారు. అంతే. మరణాలు నూటికి ఒకటి రెండుకు దిగాయి.

విరుగుడు లేని విషానికి నర్సు కాపలాయే విరుగుడు అయింది. ఈనాటి ఐసీయూల పునాదుల్లో ఈ విభాగం వేసిన రాయి కూడా ఉంది.

చచ్చినట్టుండి బతికినవాళ్లు

బార్బిచ్యురేట్ మత్తు ఎంత లోతుగా పోగలదంటే, మెదడు విద్యుత్ తరంగాలను గీసే ఈఈజీ కాగితం మీద గీత చదునుగా వచ్చేస్తుంది. కంటిపాప కదలదు, గుచ్చినా పలకరు. అలాంటివారు కూడా ఊపిరిని యంత్రం మీద నిలబెడితే రోజుల తర్వాత లేచి మాట్లాడిన సందర్భాలున్నాయి. అందుకే 1968లో హార్వర్డ్ కమిటీ మెదడు మరణానికి గుర్తులు రాసినప్పుడు, ఒళ్లు బాగా చల్లబడినవారినీ బార్బిచ్యురేట్ల వంటి మత్తుమందుల ప్రభావంలో ఉన్నవారినీ వాటినుంచి మినహాయించింది. నేటికీ మెదడు మరణం ప్రకటించే ముందు మత్తుమందు ఏదీ ఒంట్లో లేదని డాక్టర్లు నిర్ధారించుకోవాల్సిందే.

బల్ల సర్దుతుంటే దొరికిన మందు

కొత్త మందు వచ్చిన తీరు చిన్న కథ. అమెరికాలోని న్యూజెర్సీలో రోష్ కంపెనీ ప్రయోగశాలలో లియో స్టెర్న్‌బాక్ కొత్త మత్తుమందు కోసం కొన్నేళ్లు శ్రమించి, ఫలితం లేక ఆ పని పక్కన పెట్టాడు. 1957లో బల్లలు శుభ్రం చేస్తుంటే పరీక్షించకుండా మిగిలిపోయిన ఒక పొడి బయటపడింది. పారేయబోయే ముందు పరీక్షకు పంపారు. జంతువులు శాంతించాయి, కండరాలు సడలాయి, కానీ మత్తులో పడిపోలేదు. 1960లో అది లిబ్రియంగా, దాని తమ్ముడు 1963లో వాలియంగా అమ్మకానికి వచ్చాయి. వాలియం అంటే మనకు తెలిసిన డయజిపామే. ఇవి ఎలా పనిచేస్తాయో అప్పటికి ఎవరికీ తెలియదు. వాటికి మెదడులో ప్రత్యేకమైన గూడు ఉందని బయటపడింది 1977లో.

ఈ గూడు ఉండటం వల్ల ఇంకో మేలు జరిగింది. ఆ గూటిలో కూర్చుని మందును బయటికి తోసేసే ఫ్లూమజెనిల్ అనే విరుగుడును రోష్ వాళ్లే తయారుచేశారు. బార్బిచ్యురేట్లకు అలాంటి విరుగుడు ఈనాటికీ లేదు. అయితే ఫ్లూమజెనిల్‌ను కూడా డాక్టర్లు ఆచితూచి వాడతారు. ఏళ్లుగా మాత్రలు వాడుతున్నవారికి అది ఇస్తే ఉన్నట్టుండి ఫిట్స్ రావచ్చు.

గట్టు తెగేది ఎక్కడ

బెంజోడయజపైన్లు ఒంటరిగా ఉన్నప్పుడే గట్టు నిలుస్తుంది. మద్యం కూడా ఇదే తూము మీద ఇంకోచోట చెయ్యి వేస్తుంది. మార్ఫిన్, ట్రమడాల్ వంటి నొప్పి మందులు ఊపిరి గంటను వేరే దారిలో మూగబోయేలా చేస్తాయి. అవి తోడైతే కొత్త మాత్ర కూడా పాత మాత్రంత ప్రమాదకారి కాగలదు. ఇలాంటి నొప్పి మందులతో కలిపితే ప్రాణాపాయమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో చట్రం కట్టి అచ్చువేసే హెచ్చరికను తప్పనిసరి చేసింది. వయసు మళ్లినవారికీ, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికీ, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవారికీ ఒక్కటే అయినా జాగ్రత్త కావాలి.

దీనికి దూరం వెళ్లి ఉదాహరణ వెతకక్కర్లేదు. తెలంగాణలో కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, ఆల్ప్రాజోలం పొడులు కలుపుతున్న సంగతి అందరికీ తెలిసిందే. క్లోరల్ హైడ్రేట్ బార్బిచ్యురేట్లకన్నా ముందుతరం నిద్రమందు. రెండు తరాల మందులూ ఒకే ముంతలో చేరాయన్నమాట. తాగేవాడికి అందులో ఎంత కలిసిందో తెలియదు. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు జరిగి ఆ కల్లు దొరకకపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ ప్రాంతాల్లో అలవాటుపడినవాళ్లు ఆసుపత్రులకు చేరారు. చేతులు వణకడం, పొంతనలేని మాటలు, ఫిట్స్. గాబాకు ఇన్నాళ్లూ తోడున్న మందు ఒక్కసారిగా మాయమైతే తూములు మూతబడి మెదడు రెచ్చిపోతుంది. ఇది పాత మందుకూ కొత్త మందుకూ ఉన్న ఉమ్మడి గుణం. ఏళ్లుగా వాడే మాత్రను వారాలు, నెలల మీద కొద్దికొద్దిగా తగ్గించాలే తప్ప ఒక్కరోజులో మానకూడదని డాక్టర్లు అనేది అందుకే.

గార్డినాల్ వాడేవారికి ఒక మాట

ఇదంతా చదివి ఇంట్లో ఉన్న గార్డినాల్ మాత్రలు పారేయకండి. ఫిట్స్‌కు ఇచ్చే మోతాదులో, డాక్టరు కనుసన్నల్లో వాడితే అది ఇప్పటికీ నమ్మకమైన, చవకైన మందు. పుట్టిన బిడ్డకు ఫిట్స్ వస్తే పిల్లల డాక్టర్లు మొదట అందుకునే మందుల్లో అదొకటి. హఠాత్తుగా ఆపితే ఆగని ఫిట్స్ ముంచుకొస్తాయి. పిల్లలకు అందని చోట పెట్టండి, ఒక పూట మరిచిపోతే రెండింతలు వేయకండి, దాని మీద మద్యం ముట్టనివ్వకండి.

గురకను నమ్మకండి

మత్తుమాత్ర వేసుకున్న మనిషి గట్టిగా పిలిచి, భుజం తట్టినా లేవకపోతే అది నిద్ర కాదు. పెదవులు నీలిరంగుకు తిరిగినా, ఊపిరి నెమ్మదించినా, గురకలో గరగర శబ్దం వచ్చినా ఆలస్యం చేయకండి. కాఫీ తాగించవద్దు, ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించవద్దు. స్పృహలేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఒక పక్కకు తిప్పి, గడ్డం కాస్త పైకెత్తి, 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆగిపోతే ఫోన్‌లో వాళ్లు చెప్పినట్టు చేయండి. ఏ మాత్రలు వేసుకున్నారో ఆ అట్ట, సీసా వెంట పట్టుకెళ్లండి. మనసు బరువెక్కి మాత్రల వైపు చెయ్యి పోతోందని మీకో మీవాళ్లకో అనిపిస్తే 14416 టెలిమానస్ నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయండి. అక్కడ తెలుగులో మాట్లాడతారు.